సిమిలారిటీ రిపోర్టులో 27 శాతం వచ్చిందా? రిపోర్టు చదివే పద్ధతి, అర్థం చెడకుండా వాక్యాలు మార్చే పద్ధతి

యూనివర్సిటీ లైబ్రరీలో రిసెర్చ్ స్కాలర్ల థీసిస్‌లు సాఫ్ట్‌వేర్‌లో వేసి రిపోర్టు తీసి ఇవ్వడం నా పనిలో భాగం. పీడీఎఫ్ చేతికిచ్చిన మరుక్షణం అందరూ చేసేది ఒకటే. మొదటి పేజీలో పెద్ద అంకె చూస్తారు, మొహం మారిపోతుంది. "సార్, 27 వచ్చింది, ఇక నా పని అయిపోయినట్టేనా?" అంటారు. ఆ సాయంత్రమే రంగు పడిన ప్రతి వాక్యంలోనూ నాలుగు మాటలు మార్చడం మొదలుపెడతారు. వారం తర్వాత అంకె తగ్గుతుంది. దాంతో పాటు థీసిస్‌లో అప్పటిదాకా సరిగ్గా ఉన్న విషయాలు కొన్ని తప్పులుగా మారి ఉంటాయి.

అలా కాకుండా ఈ పని ఎలా చేయాలో ఒక నమూనా థీసిస్ పట్టుకుని చెప్తాను. నల్గొండ జిల్లా బోరుబావుల నీళ్లలో ఫ్లోరైడ్ మీద రాసిన పీహెచ్‌డీ అనుకోండి. ఇది ఏ ఒక్కరిదీ కాదు, నేను చూసిన కొన్ని రిపోర్టుల్లోని తప్పుల్ని ఒకచోట చేర్చి తయారుచేసిన నమూనా. థీసిస్ ఇంగ్లిషులో ఉంది. ఉదాహరణ వాక్యాల్ని మాత్రం ఇక్కడ తెలుగులోనే చూపిస్తాను. మొత్తం 50,000 పదాలు, రిపోర్టులో 27 శాతం.

ఆ అంకె దేన్ని లెక్కపెడుతుంది

సాఫ్ట్‌వేర్ మీ వాక్యాల్ని తన దగ్గరున్న వెబ్ పేజీలతో, జర్నల్ వ్యాసాలతో, ఇంతకుముందు వేరేవాళ్లు సమర్పించిన థీసిస్‌లతో పోల్చి చూస్తుంది. వరుసగా కలిసిన పదాల్ని లెక్కపెట్టి, మొత్తం పదాల్లో అవి ఎంత శాతమో చెబుతుంది. మన నమూనాలో 27 శాతం అంటే సుమారు 13,500 పదాలు ఇంకెక్కడో కూడా కనిపించాయని మాత్రమే. అవి దొంగిలించినవా, కోట్ చేసినవా, రిఫరెన్స్ లిస్టులో పుస్తకాల పేర్లా అన్నది దానికి తెలియదు. టర్నిటిన్ అయినా డ్రిల్‌బిట్ అయినా అంతే. స్క్రీన్ వేరుగా ఉంటుంది, చేసే లెక్క ఒకటే.

ఇక నిబంధన. యూజీసీ 2018లో తెచ్చిన రెగ్యులేషన్స్ ప్రకారం థీసిస్‌లో సామ్యం 10 శాతం వరకు ఉంటే చర్య లేదు. 10 దాటి 40 వరకు అయితే గరిష్ఠంగా ఆరు నెలల్లోపు సవరించి మళ్లీ ఇవ్వాలి. 40 దాటి 60 వరకు అయితే సవరించినది ఇవ్వడానికి కూడా ఏడాది ఆగాలి. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. చాలామంది ఇక్కడిదాకా చదివి ఆపేస్తారు. అదే రెగ్యులేషన్స్‌లో లెక్కలోంచి ఏవి తీసేయాలో కూడా ఉంది: మూలం చెప్పి కోట్ చేసిన భాగాలు, రిఫరెన్సులు, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు, సాధారణ పదాలు, చట్టాల పాఠం, ప్రామాణిక చిహ్నాలు, సమీకరణాలు. వరుసగా 14 పదాల వరకు యాదృచ్ఛికంగా కలిసినవి కూడా. కాబట్టి మొదటి పేజీలో కనిపించే 27కి ఈ శ్లాబులతో నేరుగా పోలిక లేదు. ముందు అందులోంచి తీయాల్సినవి తీయాలి.

మొదటి అడుగు: ఫిల్టర్లు పెట్టించండి, ఏం పెట్టారో అడగండి

రిపోర్టు తీసేవాళ్లను మూడు విషయాలు అడగండి. రిఫరెన్సులు తీసేశారా, కోట్స్ తీసేశారా, చిన్న మ్యాచ్‌ల హద్దు ఎన్ని పదాలు? టర్నిటిన్ స్క్రీన్ మీద మొదటి రెండూ `Exclude Bibliography`, `Exclude Quotes` అని ఉంటాయి. చిన్న మ్యాచ్‌లకు హద్దు చాలా చోట్ల 14 పదాలు పెడతారు, కారణం పైన చెప్పిన నిబంధనే.

మన నమూనాలో రిఫరెన్స్ లిస్టు ఒక్కటే 9 శాతం. ఇందులో వింతేమీ లేదు, వ్యాసం పేరు, జర్నల్ పేరు ప్రపంచంలో ఎవరు రాసినా అలాగే రాయాలి. 14 పదాల లోపు ముక్కలు ఇంకో 3 శాతం. రెండూ తీస్తే 27 కాస్తా 15 అయింది.

ఇక్కడ ఒక చిక్కుంది. రిఫరెన్సులు ఎక్కడ మొదలవుతాయో సాఫ్ట్‌వేర్ హెడింగ్‌ను బట్టే ఊహిస్తుంది. ప్రతి చాప్టర్ చివరా విడివిడిగా రిఫరెన్సులు ఇచ్చినా, హెడింగ్ అలంకారంగా బొమ్మలా పెట్టినా కొన్నిసార్లు గుర్తుపట్టదు. ఫిల్టర్ పెట్టిన తర్వాత కూడా ఆ పేజీలు రంగులతో నిండి ఉంటే సమస్య మీ రాతలో లేదు, హెడింగ్‌లో ఉంది. మామూలు అక్షరాల్లో, ఒకే చోట పెట్టి చూడండి.

థీసిస్ తెలుగులో ఉన్నవాళ్లకు ఒక మాట. ఇంగ్లిషులో మూడు పదాలయ్యేది మనకు 'నీళ్లలో' అని ఒక్క పదమే. కాబట్టి తెలుగులో వరుసగా 14 పదాలంటే చిన్న ముక్క కాదు, ఒక పూర్తి వాక్యం, ఒక్కోసారి రెండు. ఆ ఫిల్టర్ పెడితే నిజంగా కాపీ అయిన వాక్యాలు కూడా దాని చాటున దాక్కుంటాయి. ఇంకోటి, పాత అను ఫాంట్లలో టైప్ చేసిన థీసిస్‌కు సున్నా శాతం వస్తే సంబరపడకండి. యూనికోడ్ కాని ఆ ఫైలు సాఫ్ట్‌వేర్‌కు అర్థంలేని ఇంగ్లిషు అక్షరాల్లా కనిపిస్తుంది. దేనితోనూ కలవకపోవడానికి అదే కారణం.

రెండో అడుగు: సోర్స్ లిస్టును అనుమానంతో చదవండి

రిపోర్టు పక్కన సోర్సులు వరుసగా ఉంటాయి, పెద్ద మ్యాచ్ ముందు. ఆ లిస్టులో ముందు వెతకాల్సింది మీరే. మన స్కాలర్ తన రెండు, మూడు చాప్టర్ల నుంచి అప్పటికే రెండు పేపర్లు ప్రచురించాడు. మిగిలిన 15లో 7 శాతం ఆ రెండు పేపర్లతో కలిసిందే. థీసిస్‌లోంచి పేపర్ రావడం, పేపర్ థీసిస్‌లోకి రావడం మామూలే. కానీ చెప్పకుండా తీసుకోకూడదు. చాప్టర్ మొదట్లోనే "ఈ చాప్టర్‌లోని కొంత భాగం ఫలానా పేపర్‌గా ప్రచురితమైంది" అని రాసి ఆ పేపర్‌ను సైట్ చేయాలి. గైడ్ సంతకంతో ఆ సోర్సుల్ని పక్కన పెట్టించుకునే పద్ధతి మీ యూనివర్సిటీలో ఉందో లేదో ముందే కనుక్కోండి. ఆ వాక్యాల్ని మాత్రం బలవంతంగా తిరగరాయొద్దు. మీ ఫలితాల్ని మీరు అప్పటికే సరిగ్గా చెప్పారు. అంకె కోసం మళ్లీ మెలిపెడితే పేపర్‌లో ఒకలా, థీసిస్‌లో ఇంకోలా ఉంటాయి. వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని కూర్చుంటే కష్టం.

ఒకే సోర్స్ నుంచి 90 శాతం పైన చూపిస్తే కంగారు వద్దు. ఆ సోర్స్ పేరు `Submitted to` అని మొదలై మీ యూనివర్సిటీ పేరే ఉంటే, ఇదివరకు ట్రయల్‌గా వేసిన మీ డ్రాఫ్టే డేటాబేస్‌లో నిలిచిపోయి ఉంటుంది. దాన్ని తీయించడం పెద్ద తతంగం. అందుకే ట్రయల్ వేసేటప్పుడు డేటాబేస్‌లో దాచకుండా వేయమని అడగాలి. బయట నెట్ సెంటర్‌లో వందో రెండొందలో ఇచ్చి చెక్ చేయించుకునేవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే.

తరచుగా జరిగే ఇంకో పొరపాటు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఒక వాక్యం పది చోట్ల ఉంటే సాఫ్ట్‌వేర్ దాన్ని ఏదో ఒక సోర్స్ ఖాతాలో వేసి చూపిస్తుంది. మన స్కాలర్ ఒక పేరా 2009 నాటి జర్నల్ వ్యాసంలోంచి తీసుకున్నాడనుకుందాం. రిపోర్టు మాత్రం దాన్ని ఏదో వెబ్‌సైట్‌కు అంటగట్టింది, ఎందుకంటే ఆ వెబ్‌సైట్ కూడా అదే వ్యాసంలోంచి ఎత్తింది. ఇతను వెంటనే ఆ వెబ్‌సైట్‌ను సైట్ చేసి "ఇక సమస్య తీరింది" అన్నాడు. తీరలేదు సరికదా, తను చదవని చోటు నుంచి చదివినట్టు రాసుకున్నాడు. సైట్ చేయాల్సింది సాఫ్ట్‌వేర్ చూపించిన చోటును కాదు, మీరు నిజంగా చదివిన చోటును. అనుమానం ఉంటే `All Sources` తెరిచి అడుగున దాక్కున్న సోర్సులు కూడా చూడండి, మీ పాత నోట్సు తీయండి.

మూడో అడుగు: 8 శాతమే కదా అని వదిలేయాలా?

సొంత పేపర్లు కూడా పక్కన పెడితే మనకు మిగిలింది 8 శాతం, అంటే 4,000 పదాలు. పది లోపే ఉంది. చాలామంది ఇక్కడ ఫైలు మూసేసి ఇంటికి పోతారు. నేనైతే అసలు పని ఇప్పుడే మొదలైందంటాను. తీసిన 19 శాతంలో తప్పేమీ లేదు, తప్పు ఉన్నదంతా ఈ 8లోనే ఉంది. ఏ ఫిల్టరూ తీయలేని మ్యాచ్‌లు ఇవి. పైగా సారాంశం, పరికల్పన, పరిశీలనలు, ఫలితాలు, ముగింపు, సూచనలు స్వంత ఆలోచనలే అయి ఉండాలని, వాటిలో సామ్యం ఉండకూడదని ఆ రెగ్యులేషన్సే చెబుతున్నాయి. ఫలితాల చాప్టర్‌లో వేరొకరి పేరా ఒక్కటి ఉన్నా, మొత్తం 3 శాతమే కదా అంటే కుదరదు.

రిపోర్టును ప్రింట్ తీయండి. రంగు పడిన ప్రతి పేరా పక్కనా పెన్సిల్‌తో ఒక్క ముక్క రాయండి: ఉంచాలి, కోట్ చేయాలి, తిరగరాయాలి, కొట్టేయాలి. నాలుగోది మర్చిపోకండి. లిటరేచర్ రివ్యూలో రంగు పడిన పేరాల్లో చాలా వాటికి మీ పరిశోధన ప్రశ్నతో సంబంధం ఉండదు. తీసేస్తే అంకె తగ్గుతుంది, థీసిస్ కూడా బాగుపడుతుంది.

మన 4,000 పదాలు ఇలా విడిపోయాయి: ప్రమాణాలు, నిర్వచనాలు 500, పద్ధతులు 1,500, లిటరేచర్ రివ్యూ 2,000. ఒక్కో దాని చికిత్స వేరు.

ప్రమాణాలు: ముట్టుకుంటే చెడేవి

తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ ఆమోదయోగ్య పరిమితి లీటరుకు 1.0 మిల్లీగ్రాము. వేరే నీటి వనరు లేనప్పుడు అనుమతించదగిన పరిమితి 1.5. థీసిస్‌లో ఈ వాక్యం మీద రంగు పడింది. పడక తప్పదు, ఫ్లోరైడ్ మీద రాసిన ప్రతి థీసిస్‌లోనూ ఈ వాక్యం ఉంటుంది. మన స్కాలర్ దాన్ని ఇలా మార్చాడు:

> భారత ప్రమాణాల ప్రకారం లీటరుకు 1.5 మిల్లీగ్రాముల వరకు ఫ్లోరైడ్ ఉన్న నీరు సురక్షితం.

రంగు పోయింది. కానీ ఇందులో మూడు తప్పులు వచ్చి చేరాయి. 1.0 అన్న మొదటి హద్దు మాయమైంది. "వేరే వనరు లేనప్పుడు" అన్న షరతు పోయింది. 'అనుమతించదగిన' అన్న మాట 'సురక్షితం' అయింది, ప్రమాణం ఆ మాట అనలేదు. దీని దెబ్బ తర్వాతి చాప్టర్లకు తగిలింది. ఫలితాల్లో 1.2 వచ్చిన బావుల్ని ఆమోదయోగ్య పరిమితి దాటినవిగా లెక్కేశాడు, ఇక్కడేమో అవి సురక్షితం అంటున్నాడు. థీసిస్ తనతో తనే గొడవ పడుతోంది.

ఇలాంటి చోట్ల మాటలు మార్చకండి. ప్రమాణం పేరు, సంవత్సరం చెప్పి సైట్ చేయండి. అంకెల్ని చిన్న పట్టికలో పెట్టండి, లేదా కోట్ చేయండి. 'పరస్పర సంబంధ గుణకం' లాంటి పారిభాషిక పదాలకు, చట్టం సెక్షన్లకు, పరికరాల పేర్లకు కూడా ఇదే వర్తిస్తుంది. ఈ 500 పదాల్లో 400 రంగుతోనే మిగిలినా పర్వాలేదు. ఎవరైనా అడిగితే ఇదీ కారణమని చెప్పగలిగితే చాలు.

పారాఫ్రేజ్ చేసిపెట్టే వెబ్‌సైట్లలో వేసేవాళ్లు చిక్కుకునేది కూడా ఇక్కడే. అవి పారిభాషిక పదాన్ని మామూలు పదం అనుకుని పర్యాయపదం పెడతాయి. 'బ్రెస్ట్ క్యాన్సర్' కాస్తా 'బోసమ్ పెరిల్' అయిన పేపర్లు నిజంగానే ప్రచురితమయ్యాయి. ఇలాంటి చిత్రహింస పడిన పదబంధాల్ని వెతికి పట్టుకునే పరిశోధకులు ఉన్నారు, వాటి వల్ల వెనక్కి తీసుకున్న పేపర్లూ ఉన్నాయి. ఇందులో గమనించాల్సింది, సామ్యం తక్కువ వచ్చిన ఆ పేపర్లను పట్టించింది ఆ మార్చిన మాటలే.

పద్ధతులు: వాళ్లు చేసింది కాదు, మీరు చేసింది రాయండి

మెథడ్స్ చాప్టర్‌లో రంగు పడితే "అందరూ చేసే పద్ధతే కదా, వేరే ఎలా రాస్తాం?" అంటారు. కొంతవరకు నిజమే. కానీ రంగు పడిన ఈ వాక్యం చూడండి:

> నమూనాలను సజల నైట్రిక్ ఆమ్లంతో ముందుగా కడిగిన ఒక లీటరు పాలిథిలిన్ సీసాల్లో సేకరించి, ఫ్లోరైడ్‌ను స్పాడ్న్స్ పద్ధతిలో 570 నానోమీటర్ల వద్ద నిర్ధారించారు.

దీన్ని సీనియర్ థీసిస్‌లోంచి తెచ్చుకున్నాడు. "నువ్వు వాడింది లీటరు సీసాలేనా?" అని అడిగితే ఆలోచించి "కాదు సార్, అర లీటరువి. ఆమ్లంతో కడగలేదు, డిస్టిల్డ్ వాటర్‌తోనే కడిగాం" అన్నాడు. అంటే ఇది కాపీ మాత్రమే కాదు, అబద్ధం కూడా. మాటలు మార్చి ఉంటే రంగు పోయేది, అబద్ధం మాత్రం భద్రంగా ఉండేది.

ల్యాబ్ నోట్‌బుక్ తెరిపించాను. అందులో ఇంకో విషయం బయటపడింది. స్పాడ్న్స్ పద్ధతిలో లీటరుకు సుమారు 1.4 మిల్లీగ్రాముల వరకే నేరుగా కొలవగలం, అంతకు మించితే నమూనాను పలుచన చేయాలి. ఇతని నమూనాల్లో చాలావాటికి ఆ హద్దు దాటింది, అయిదు రెట్లు పలుచన చేసి కొలిచాడు కూడా. సీనియర్ వాక్యంలో అది లేదు కాబట్టి ఇతని థీసిస్‌లోనూ లేదు. నోట్‌బుక్ చూసి తిరగరాసింది ఇది:

> నీటిని అర లీటరు పాలిథిలిన్ సీసాల్లో పట్టాం. సీసాల్ని డిస్టిల్డ్ వాటర్‌తో, తర్వాత అదే బావి నీటితో కడిగాం. ఫ్లోరైడ్‌ను స్పాడ్న్స్ పద్ధతిలో 570 నానోమీటర్ల వద్ద కొలిచాం [14]. మొదటి రీడింగ్ 1.4 దాటిన నమూనాల్ని అయిదు రెట్లు పలుచన చేసి మళ్లీ కొలిచి, వచ్చిన విలువను అయిదుతో గుణించాం.

స్పాడ్న్స్, 570, పాలిథిలిన్ అలాగే ఉన్నాయి, ఉండాలి. గాజు సీసాలు వాడకపోవడానికి కారణం ఉంది, తరంగదైర్ఘ్యం మార్చడానికి మన చేతిలో లేదు. మిగతాదంతా ఇతని చేతుల మీదుగా జరిగింది, అందుకే ఇంకెక్కడా కలవలేదు. పద్ధతుల చాప్టర్‌లోని 1,500 పదాలు ఈ ఒక్క పనితో 400కు వచ్చాయి. ప్రామాణిక పద్ధతిని యథాతథంగా పాటించిన చోట దాని అంచెలన్నీ మళ్లీ రాయాల్సిన పని లేదు. ఫలానా పద్ధతి పాటించామని సైట్ చేసి, ఎక్కడ దారి మార్చారో అది మాత్రం రాస్తే చాలు.

లిటరేచర్ రివ్యూ: మాటల్ని వదిలి విషయాన్ని పట్టుకోండి

అన్నిటికంటే కష్టమైనది ఇదే, కాబట్టి ఒక వాక్యాన్ని నెమ్మదిగా చూద్దాం. సోర్స్‌లో ఇలా ఉందనుకోండి:

> కఠిన శిలా ప్రాంతాల భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ సాంద్రత సాధారణంగా క్షారత్వంతో పాటు పెరుగుతూ, కాల్షియం అధికంగా ఉన్నచోట తక్కువగా కనిపించింది. నీటికి, శిలకు మధ్య దీర్ఘకాలం సాగిన చర్య దీనికి ఒక కారణం కావచ్చు.

థీసిస్‌లో సైటేషన్ ఉంది, కానీ వాక్యాలు అక్షరం పొల్లు పోకుండా ఇవే, కోట్ గుర్తులు లేవు. సైట్ చేశాం కదా అంటే సరిపోదు. సైటేషన్ విషయం ఎవరిదో చెబుతుంది. మాటలు కూడా వాళ్లవే అని చెప్పేవి కోట్ గుర్తులు. మన స్కాలర్ మొదటి ప్రయత్నం:

> కఠిన శిలా ప్రదేశాల భూగర్భ నీటిలో ఫ్లోరైడ్ గాఢత క్షారత్వంతో పెరుగుతుంది, అధిక కాల్షియం వల్ల తగ్గుతుంది. నీరు, శిలల మధ్య దీర్ఘకాల చర్యే దీనికి కారణం.

ప్రాంతాలు ప్రదేశాలయ్యాయి, సాంద్రత గాఢత అయింది, వాక్య నిర్మాణం మాత్రం అదే. సాఫ్ట్‌వేర్ వదిలేసినా చదివేవాడు వదలడు. అంతకంటే ఘోరం, అర్థం మారింది. 'సాధారణంగా' పోయింది. 'కనిపించింది' అన్నది 'తగ్గుతుంది' అయింది, అంటే వాళ్లు చూసిన బావుల సంగతి సర్వకాల సూత్రమైంది. 'ఉన్నచోట' అన్నది 'వల్ల' అయింది, కలిసి కనిపించడం కాస్తా కార్యకారణం అయిపోయింది. 'ఒక కారణం కావచ్చు' అన్నది 'చర్యే కారణం' అయింది. మాటలు మార్చేటప్పుడు ముందుగా రాలిపోయేవి ఎప్పుడూ ఈ చిన్న మాటలే. అవి లేకపోతే వాక్యం ఇంకా నిండుగా వినిపిస్తుంది కాబట్టి రాలినట్టు తెలియదు కూడా.

ఇలా చేయండి. సోర్స్ తెరిచి ఆ పేరా ముందు, వెనక ఒక్కో పేజీ చదవండి. ఒక తెల్ల కాగితం మీద పూర్తి వాక్యాలు కాకుండా పొడి మాటలు రాసుకోండి: ఎక్కడ చూశారు, ఏం చూశారు, ఎంత గట్టిగా చెప్పారు, ఏ కారణం ఊహించారు. తర్వాత సోర్స్ మూసేయండి. ఇప్పుడు మీరు వేసుకోవాల్సిన ప్రశ్న, దీన్ని వేరే మాటల్లో ఎలా చెప్పాలన్నది కాదు. "ఈ సంగతి నా థీసిస్‌లో ఎందుకు ఉంది?" అని అడగండి. మన స్కాలర్‌కు జవాబు ఉంది. అతని బావుల్లో కూడా కాల్షియం తక్కువ ఉన్నచోటే ఫ్లోరైడ్ ఎక్కువ వచ్చింది. అక్కణ్నుంచి మొదలుపెట్టి రాస్తే వాక్యం దానంతటదే తిరిగింది:

> ఫ్లోరైడ్ ఎక్కువున్న మా బావుల్లో కాల్షియం తక్కువగా ఉంది. కఠిన శిలా ప్రాంతాల్లో ఇంతకుముందు జరిగిన పరిశీలనల్లోనూ సాధారణంగా ఇలాగే కనిపించింది, క్షారత్వం మాత్రం ఫ్లోరైడ్‌తో పాటు పెరిగింది [7]. నీరు ఎక్కువ కాలం రాతిని అంటిపెట్టుకుని ఉండడం ఒక కారణం కావచ్చని ఆ రచయితల అభిప్రాయం [7].

ఇతని రెండో డ్రాఫ్టులో చివర "అయితే దీన్ని వాళ్లు నిరూపించలేదు" అని ఉంది. జాగ్రత్త ఎక్కువై చేసిన తప్పు అది. 'కావచ్చు' అన్నవాళ్లు నిరూపించడానికి ప్రయత్నించి విఫలమైనట్టు ధ్వనిస్తుంది. సోర్స్ ఎంత గట్టిగా చెప్పిందో అంతే గట్టిగా చెప్పాలి. పెంచినా తప్పే, తగ్గించినా తప్పే. అందుకే కొట్టేయించాను.

రచయిత మాటల్లోనే ఉండాల్సిన సంగతులు కొన్ని ఉంటాయి: ఒక కొత్త నిర్వచనం, వివాదాస్పదమైన వ్యాఖ్య, మీరు ఖండించబోయే వాదన. వాటిని కోట్ గుర్తుల్లో పెట్టి పేజీ నంబర్ ఇవ్వండి. సైన్స్ థీసిస్‌లో ఇలాంటివి తక్కువే ఉంటాయి. సాహిత్యం, చరిత్ర, లా వాళ్లకు చాలా ఉంటాయి, వాళ్ల దగ్గర కోట్స్ తీసేసిన రిపోర్టే చూడాలి. పేరాలకు పేరాలు కోట్ గుర్తుల్లో పెట్టి అంకె తగ్గించుకోవచ్చన్న తెలివితేటలు మాత్రం రిపోర్టు దగ్గరే చెల్లుతాయి. థీసిస్ తెరిచిన ఎగ్జామినర్‌కు మొదట కనిపించేవి ఆ గుర్తులే. తెల్ల రంగు అక్షరాలు దూర్చడం, ఇంగ్లిషు అక్షరం బదులు అలాగే కనిపించే రష్యన్ అక్షరం పెట్టడం లాంటివి సాఫ్ట్‌వేర్లే పట్టుకుని విడిగా చూపిస్తున్నాయి. అక్కడిదాకా వెళ్తే అది నిర్లక్ష్యం కాదు, మోసం అని రాతపూర్వకంగా ఒప్పుకున్నట్టే.

నాలుగో అడుగు: మార్చాక అర్థం నిలిచిందో లేదో చూడడం

తిరగరాసిన వెంటనే సరిచూడకండి, కళ్లు అలవాటు పడిపోయి ఉంటాయి. మర్నాడు సోర్స్ ఒక పక్క, మీ పేరా ఒక పక్క పెట్టుకుని పెన్సిల్‌తో నాలుగు రకాల మాటల కింద మాత్రం గీతలు గీయండి. అంకెలు, వాటి యూనిట్లు. కాదు, లేదు, తప్ప లాంటి మాటలు. సాధారణంగా, కొన్ని, కావచ్చు, ఒక్కటే లాంటి మోతాదు మాటలు. వల్ల, కాబట్టి, తో పాటు లాంటి సంబంధం చెప్పే మాటలు. రెండు పక్కలా గీతలు జతకూడాలి. జత దొరకని గీత ఏ పక్క ఉన్నా అక్కడ ఏదో రాలిపోయింది, లేదా మీరు ఏదో చేర్చారు. ఇంగ్లిషు థీసిస్‌లో 'సిగ్నిఫికెంట్' అన్న మాట దగ్గర ఇంకొక్కసారి ఆగండి. గణాంక పరీక్షలో తేలిన అర్థంలో ఉన్న ఆ మాటను 'ఇంపార్టెంట్' అనో 'లార్జ్' అనో మార్చారంటే ఫలితమే మారిపోయింది.

సైటేషన్ ఎక్కడ పడిందో కూడా చూసుకోండి. మూడు వాక్యాలు ఒకే సోర్స్ నుంచి వచ్చి, నంబర్ చివర ఒక్కటే పెడితే మొదటి రెండూ మీ సొంతమేమో అనిపిస్తుంది. పై ఉదాహరణలో [7] రెండుసార్లు పెట్టింది అందుకే. మొదటి వాక్యానికి లేనిది, అది నిజంగానే అతని పరిశీలన కాబట్టి.

ఇదంతా అయ్యాక మళ్లీ రిపోర్టు తీయించండి, డేటాబేస్‌లో దాచకుండా, మొదటిసారి పెట్టిన ఫిల్టర్లతోనే. ఫిల్టర్లు మారితే రెండు రిపోర్టుల్ని పోల్చలేం. మన నమూనాలో లిటరేచర్ రివ్యూలోని 2,000 పదాల్లో 700 కొట్టేయడంతోనే పోయాయి. మిగతావి తిరగరాశాక 300 మిగిలాయి, అవీ ఎక్కువగా సంస్థల పేర్లు, పారిభాషిక పదబంధాలే. పద్ధతుల్లో 400, ప్రమాణాల్లో 400. అన్నీ కలిపి 1,100 పదాలు, రెండు శాతం పైచిలుకు.

ఆ రెండు శాతాన్ని కూడా సున్నా చేద్దామని కూర్చోబోయాడు. వద్దని చెప్పి, దాని బదులు ఒక పేజీ నోట్ రాయించాను: ఏ ఫిల్టర్లు పెట్టాం, ఏ రెండు పేపర్లు తనవి, అవి థీసిస్‌లో ఏ పేజీల్లో ఉన్నాయి, మిగిలిన మ్యాచ్‌లు ఏమిటి, ఎందుకు ఉంచాం. ఫిల్టర్లు లేని మొదటి రిపోర్టు, ఫిల్టర్లు ఉన్న చివరి రిపోర్టు రెండూ దానికి జతచేసి గైడ్ చేతికి ఇచ్చాడు. గైడ్ అడిగింది ఒక్కటే: "1.5 దగ్గర షరతు మళ్లీ పెట్టావా?"